సగటు 4.5 డిగ్రీలు, టీకా మాత్రం గడ్డకట్టింది

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు దాచే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడి తగిలితే టీకా పాడవుతుందని అందరికీ తెలిసిందే. కానీ హెపటైటిస్-బి లాంటి టీకా గడ్డకట్టినా పనికిరాదు, కరిగాక మామూలు సీసాలాగే కనిపించవచ్చు కూడా. అందుకే సెన్సార్.

ఆ సెన్సార్ పది సెకన్లకోసారి రీడింగ్ పంపుతోందనుకుందాం. ఒక్క ఫ్రిజ్‌కి రోజుకు 8,640 రీడింగులు. వెయ్యి ఫ్రిజ్‌లకు ఏడాదికి 315 కోట్లు. సమయానికి 8 బైట్లు, విలువకు 8 బైట్లు చొప్పున వేసుకున్నా 50 జీబీ. ఏటా అంత వచ్చి పడుతూనే ఉంటుంది.

టైమ్ సిరీస్ డేటాబేస్ పుట్టింది ఇలాంటి డేటా కోసమే. రీడింగులు కాలక్రమంలో వస్తాయి, వచ్చాక దాదాపుగా మారవు. కాబట్టి ఏ రోజువి ఆ రోజు కట్టగా కట్టి పెడుతుంది. ‘30 రోజులు దాటినవి వద్దు’ అని చెబితే ఒక్కో రీడింగునూ వెతికి చెరపదు, పాత కట్టను కట్టగానే తీసేస్తుంది. దీన్నే రిటెన్షన్ పాలసీ అంటారు. మన వెయ్యి ఫ్రిజ్‌ల లెక్క అప్పుడు 4 జీబీ దగ్గర ఆగిపోతుంది.

మరి పోయిన ఏడాది సంగతి తెలియాలంటే? తీసేసే ముందే రోజుకో వరుసగా కుదించి దాచుకోవాలి. ఇది డౌన్‌శాంప్లింగ్. చాలామంది సగటు ఒక్కటే దాస్తారు, మోసపోయేది అక్కడే. థర్మోస్టాట్ చెడి రెండు గంటలు మైనస్ 1 డిగ్రీ, మిగతా 22 గంటలు 5 డిగ్రీలు ఉందనుకోండి. రోజు సగటు 4.5. చూస్తే ఏ లోటూ లేదు, టీకాలు మాత్రం గడ్డకట్టి ఉండొచ్చు. సగటుతోపాటు కనిష్ఠం, గరిష్ఠం, రీడింగుల సంఖ్య కూడా దాచి ఉంటే ఆ మైనస్ 1 ఎన్నేళ్లయినా కనబడుతుంది.

రీడింగుల సంఖ్య ఎందుకంటారా? సిగ్నల్ లేని ఊళ్లో సెన్సార్ రీడింగులు తన దగ్గరే ఉంచుకుని మూడు రోజుల తర్వాత పంపుతుంది. ఆపాటికే ఆ రోజుల వరుసలు తయారై ఉంటాయి. 8,640 ఉండాల్సినచోట 5,000 కనబడితే ఆ వరుస అరకొర అని తెలిసిపోతుంది, మళ్లీ లెక్క వేయించొచ్చు.

అయితే ఆ మళ్లీ లెక్క గడువు 30 రోజులకు లోపే ఉండాలి. టైమ్‌స్కేల్‌డీబీలో, అసలు రీడింగులు తీసేసిన తేదీలకు మళ్లీ లెక్క వేయమంటే, అక్కడ ఏమీ లేదనుకుని అది దాచిన సారాంశాన్ని కూడా తుడిచేస్తుంది.