చార్జర్ ఎక్కడుంటే ఫోన్ అక్కడే పడుకుంటుంది

సాంచా మీద పేక తెగితే సాంచా తనంతట తానే ఆగుతుంది. అంచు దగ్గర చిన్న ఫోర్కు ఒకటి ఉంటుంది. పోగు దానికి తగిలినంతసేపు సాంచా నడుస్తుంది, తగలకపోతే ఆగిపోతుంది. నాలుగు సాంచాలు చూసుకునే మనిషి ప్రతి పోగు మీదా కన్నేసి ఉంచలేడని దాన్ని తయారు చేసినవాళ్లకు తెలుసు. అందుకే మనిషి జాగ్రత్త మీద వదిలిపెట్టకుండా ఆ ఏర్పాటు సాంచాలోనే పెట్టారు.

ఇంట్లో చదువుకునే పిల్లల దగ్గరికొచ్చేసరికి మనం దీనికి తలకిందులు చేస్తాం. పుస్తకం పక్కనే ఫోన్ పెట్టి, "దాన్ని చూడకు, బుద్ధిగా చదువు" అంటాం. అది టింగుమన్నప్పుడల్లా పిల్ల మనసు గట్టి చేసుకోవాలి. పదిసార్లు ఆపుకున్న పిల్ల పదకొండోసారి చెయ్యి చాపుతుంది. అప్పుడు బుద్ధి లేదని తిడతాం. బుద్ధి సంగతి తర్వాత, ముందు వస్తువులు ఎక్కడున్నాయో చూడాలి.

మా పెద్దమ్మాయి కూతురు షోలాపూర్‌లోనే పదో తరగతి. ఒకటే ఖోలీ, నలుగురు మనుషులు. అల్లుడు టవళ్ల కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తాడు. మా అమ్మాయి బీడీలు చుడుతుంది. పిల్లకు బీజగణితంలో నలభైకి పదకొండు వచ్చాయి. బోర్డు పరీక్షలో తప్పితే చదువు మాన్పించి కుట్టుపనికి పంపుతామని ఇంట్లో మాట అనేశారు. ఫోన్ లాక్కుందామంటే కుదరదు, ఎందుకంటే బడివాళ్లు హోంవర్క్ వాట్సాప్‌లోనే పంపుతారు. అందుకని దాన్ని తీసెయ్యకుండా దాని చోటు మార్చాం.

మొదట చదివే చోటు చూశాం. ఆ ఇంట్లో టేబుల్ వేసే జాగా లేదు. ఒక మడత స్టూలు ఉంది, దాని మీద తంబాకు చాట, కూరల సంచి, పాత పేపర్లు. చదవాలంటే ముందు అవన్నీ దించాలి, తర్వాత పెన్ను వెతకాలి, ఆ తర్వాత పుస్తకం. ఈ లోపల చేతికి ముందు దొరికేది ఫోనే. అందుకని ఒక రేకు పెట్టె తెచ్చి గణితం పుస్తకం, నోటు, రెండు పెన్నులు, స్కేలు, కంపాసు అందులోనే ఉంచాం. ఆ పెట్టెలో వేరే ఏదీ పెట్టకూడదు. స్టూలుకు గోడ పక్కన చోటిచ్చాం. చాట దాని మీదికి రాకుండా గోడకు మేకు కొట్టి తగిలించాం. ఇప్పుడు స్టూలు విప్పి పెట్టె తెరిచే పని నిమిషంలో అయిపోతుంది.

రెండోది పాళీ మారేటప్పటి పద్ధతి. మిల్లులో మంచి పనివాడు దిగిపోయేటప్పుడు సాంచా నడుస్తూ ఉండగానే, నిండు కండెలు పెట్టెలో పెట్టి వెళతాడు. ఎక్కేవాడు వస్తూనే పని అందుకుంటాడు. మా మనుమరాలు రాత్రి చదువు ముగించేటప్పుడు అదే చేస్తుంది. మర్నాడు చెయ్యాల్సిన మొదటి లెక్కను నోటులో ఎక్కించి, సగం చేసి, అక్కడే పెన్ను పెట్టి మూసేస్తుంది. పొద్దున్నే ఏం చదవాలా అని ఆలోచించే పని ఉండదు. సగంలో ఉన్న లెక్క చేతిని లాగుతుంది.

ఇక ఫోన్ సంగతి. ఆ ఇంట్లో చార్జింగ్ పెట్టే ప్లగ్గు దిండు పక్కనే ఉండేది. చార్జర్ ఎక్కడుంటే రాత్రి ఫోన్ అక్కడే పడుకుంటుంది. పక్కనే ఉంటే నిద్రపట్టేదాకా చూస్తారు, లేస్తూనే చూస్తారు. చార్జర్‌ను వంటగట్టు దగ్గరి ప్లగ్గుకు మార్చి, వైరు జారిపోకుండా తాడుతో కట్టేశాం. అలారం కోసం ఫోన్ కావాలని పిల్ల అంది, అది నిజమే. అందుకని బల్ల మీద పెట్టే గడియారం ఒకటి కొన్నాం. అది కొనకుండా ఫోన్ దూరం పెట్టమంటే రెండు రోజుల్లో మళ్లీ దిండు కిందికి వస్తుంది. చదివేటప్పుడు కూడా ఫోన్ వంటగట్టు మీదే ఉంటుంది. గంట మాత్రం ఆపలేదు. కార్ఖానా నుంచి తండ్రి ఫోన్ చేస్తే వినపడాలి కదా.

ఫోన్ లోపల మూడే పనులు చేశాం. వాట్సాప్‌లో ఒక్కో గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, Mute notifications లో Always పెట్టాం. మెసేజీలు వస్తాయి గానీ చప్పుడు చెయ్యవు. బడి గ్రూపుకు కూడా అంతే. సాయంత్రం ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి తెరిచి, హోంవర్క్ కాగితం మీద రాసుకుంటుంది. కాగితం స్టూలు దగ్గరికి వస్తుంది, ఫోన్ రాదు.

తర్వాత రీల్స్ చూసే యాప్ బొమ్మను మొదటి తెర మీంచి తీసేశాం. బొమ్మను గట్టిగా నొక్కి పట్టుకుంటే Remove అని వస్తుంది. యాప్ ఫోన్‌లోనే ఉంటుంది, వెతికి తెరవాలి. కొన్ని ఫోన్లలో Uninstall ఒక్కటే వస్తుంది. అది నొక్కితే యాపే పోతుంది కాబట్టి, అలాంటి ఫోన్లో బొమ్మను చివరి తెరకు జరిపితే చాలు.

మూడోది గడువు. Settings లో Digital Wellbeing అని ఉంటుంది. అందులో ఆ యాప్‌కు రోజుకు ఇరవై నిమిషాలు పెట్టాం. గడువు అయిపోతే బొమ్మ బూడిద రంగు అవుతుంది, అర్ధరాత్రి దాటేదాకా తెరుచుకోదు. ఇది తాళం కాదు. ఎక్కడ పెట్టామో అక్కడికే వెళ్లి పిల్ల తీసేసుకోవచ్చు. సాంచా ఆగినాక మళ్లీ నడిపేది మనిషే కదా. కానీ ఆగినప్పుడు "నడపాలా వద్దా" అని ఒక్క క్షణం అడిగినట్టవుతుంది. చాలాసార్లు ఆ క్షణమే చాలు.

పాఠాలు యూట్యూబ్‌లో చూసేవాళ్లకు ఇంకొక్క మాట. పాఠం అవగానే ఇంకో వీడియో తనంతట వచ్చేస్తుంది. Autoplay అనే మీట ఆపేస్తే పాఠంతోనే ఆగుతుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పిల్లను అడగనక్కర్లేదు. అదే Digital Wellbeing లో Unlocks అని రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారో లెక్క కనిపిస్తుంది. మార్పు చెయ్యకముందు మా మనుమరాలిది డెబ్బై దాటేది. మూడు వారాల తర్వాత ముప్పై లోపల ఉంది. లెక్క మళ్లీ పెరిగితే తిట్టడం కాదు, చార్జర్ ఎక్కడుందో చూడాలి. ఒకసారి పండక్కి చుట్టాలొచ్చి ప్లగ్గు మార్చారు, నాలుగు రోజుల్లో లెక్క యాభైకి ఎక్కింది. తిరిగి వంటగట్టుకు కట్టేస్తే దిగింది.

ఈ ఏర్పాటు చెయ్యలేని పనులూ ఉన్నాయి. సమీకరణం ఎలా సాధించాలో స్టూలు నేర్పదు. దానికి వారానికి రెండు రోజులు పక్క గల్లీ మాస్టారి దగ్గరికి పంపుతున్నాం. ఇంకొకటి, ఒకే ఖోలీలో పెద్దవాళ్లు ఫోన్ మోగించుకుంటూ సినిమా చూస్తుంటే పిల్ల ఫోన్ ఎక్కడ పెట్టినా లాభం లేదు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంట్లో అందరి ఫోన్లూ వంటగట్టు మీదికే వెళతాయి. మొదటి వారం దీనికి ఎక్కువ గొణిగింది వాళ్ల నాయనమ్మే. సీరియల్ పాయె అని ఆమె బాధ. ఇప్పుడు పిల్ల లేచేదాకా ఆగి, తొమ్మిదింటికి చూస్తోంది.

మొన్నటి పరీక్షలో బీజగణితంలో నలభైకి పంతొమ్మిది వచ్చాయి. బోర్డు పరీక్ష ఇంకా ముందుంది. కుట్టుపని మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.