దుమ్మును చూడలేని దుమ్ము మీటరు

ఎండు చీపురుతో గది ఊడుస్తుంటే కిటికీలోంచి పడే ఎండలో లెక్కలేనన్ని నలుసులు తేలుతూ కనిపిస్తాయి. ఇంట్లో దుమ్మును కొలుద్దామని బల్ల మీద పెట్టిన చిన్న సెన్సారు మాత్రం అప్పుడు పెద్దగా చలించదు. అంకె కాస్త పెరిగి మళ్లీ దిగిపోతుంది. ఓ గంట తర్వాత వంటింట్లో ఆవాలు, ఎండుమిరపకాయలు నూనెలో పడి పోపు చిటపటలాడగానే అదే అంకె ఒక్కసారిగా అయిదారింతలకు లేస్తుంది. ఆ సమయంలో ఎండలోకి చూస్తే కంటికి ఆనే దుమ్మేమీ ఉండదు. ఇంటి గాలి మీద ప్రాజెక్టు చేసే పర్యావరణ ఇంజనీరింగు విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఊడ్చడం వల్ల గాలి పాడవదు, వంట వల్లే పాడవుతుంది అని నివేదికలో రాసేసి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగం తెలియాలంటే ఈ యంత్రం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

1870లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ టిండాల్ దుమ్ము గురించీ రోగాల గురించీ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. చీకటి గదిలోకి గట్టి కాంతిపుంజాన్ని పంపితే, గాలిలోని నలుసులు వెలుగును చెదరగొట్టి దాని దారిని చూపించాయి. ఆ పుంజం కింద ఆయన స్పిరిట్ దీపం వెలిగించాడు. మంట చుట్టూ నల్లటి సుడులు లేచాయి. చూసేవాళ్లకు అది పొగే అనిపిస్తుంది. నిజానికి అక్కడ నలుసులు లేని గాలి పైకి లేస్తోంది. వెలుగును చెదరగొట్టేదేమీ లేక ఆ మేర చీకటి పడింది. నలుసులను చూడడానికి వాటిని పట్టుకోనక్కర్లేదు, వెలుగు పంపి పక్కనుంచి చూస్తే చాలు అన్న ఊహ మీదే ఇప్పటి సెన్సారు నడుస్తోంది. ఎంత నలుసు ఎంత వెలుగును ఏ దిక్కుకు చెదరగొడుతుందో లెక్కగట్టే గణితాన్ని 1908లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మీ అందించాడు.

అయినా ఇంటి గాలిని కొలిచే పని చాలాకాలం తూకంతోనే సాగింది. పంపు గాలిని లాగుతుంది, సైక్లోన్ అనే చిన్న గొట్టం పెద్ద నలుసులను పక్కకు తోసేస్తుంది, మిగిలినవి వడపోత కాగితం మీద చిక్కుకుంటాయి. ఆ కాగితాన్ని ముందూ తర్వాతా సూక్ష్మమైన త్రాసు మీద తూచాలి. 2004లో కల్పనా బాలకృష్ణన్ బృందం ప్రచురించిన అధ్యయనం అలాంటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో వందల ఇళ్లలో 24 గంటల సగటు తీశారు. గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సన్నని నలుసులుంటే, పిడకలూ కట్టెలూ వాడేచోట అది 732 దాకా వెళ్లింది. ఎంతో నమ్మదగిన పద్ధతి. కాకపోతే రోజంతటికీ ఒక్క అంకే వస్తుంది. ఏ గంటలో ఏం జరిగిందో ఆ కాగితం చెప్పలేదు.

పల్లె పొయ్యిల పొగను జీవితమంతా వెంటాడిన కిర్క్ స్మిత్, బర్క్‌లీలోని ఆయన సహచరులు ఇక్కడో తెలివైన పని చేశారు. అమెరికా ఇళ్ల పైకప్పుకు బిగించే మామూలు పొగ అలారాన్ని విప్పి, దానిలోని వెలుగు గదికి నిమిషనిమిషం రాసుకునే ఏర్పాటు జోడించారు. చౌక సెన్సార్లకు పెద్దన్న అని చెప్పదగ్గది నా దృష్టిలో ఇదే. పుట్టింది పొగ కోసం, దుమ్ము కోసం కాదు. ఆ లక్షణం తర్వాతి తరానికీ వచ్చింది.

ఇప్పుడు విద్యార్థులు ఎక్కువగా వాడేది చైనా కంపెనీ ప్లాంటవర్ తయారుచేసే పీఎంఎస్ 5003. పొడవు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 38, మందం 21. లోపల ఒక చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. ఆ గాలి వంపులు తిరిగి సన్నని లేజరు కిరణం ముందుకొస్తుంది, పక్కనున్న ఫొటోడయోడు చెదిరిన వెలుగును చూస్తుంది. చిప్పు లెక్కగట్టి అంకెలు పంపుతుంది. స్విచ్చి వేసిన వెంటనే వచ్చే అంకెలను వదిలెయ్యాలి. ఫ్యాను కుదురుకోవడానికి కనీసం 30 సెకన్లు పడుతుంది. ఎయిర్ ప్యూరిఫయర్లలో పెట్టే ఇలాంటి భాగాన్నే పర్పుల్ ఎయిర్ వంటి సంస్థలు డబ్బాలో బిగించి ప్రపంచమంతటా గోడలకెక్కించాయి.

ఈ సెన్సారు పీఎం 1, పీఎం 2.5, పీఎం 10 అని మూడు అంకెలిస్తుంది. నలుసులను ఒక్కొక్కటిగా ఎంచి, వాటి సైజును బట్టి వేరు చేస్తున్నట్టు కనిపిస్తుంది. ప్రయోగశాలల్లో పరీక్షించిన వాళ్లు మాత్రం ఇది ఎక్కువగా మొత్తం చెదిరిన వెలుగునే చూస్తుందని తేల్చారు. పెద్ద సైజుల అంకెలు కొలిచినవి కావు, సన్న నలుసుల అంకె నుంచి అల్లుకున్నవి. కాబట్టి పీఎం 10 గీత దాదాపు ఎప్పుడూ పీఎం 2.5 గీత వెనకాలే నడుస్తుంది. మీ గ్రాఫులో ఆ రెండూ అన్నదమ్ముల్లా కలిసి లేచి కలిసి పడుతుంటే, పీఎం 10 గీతను నివేదిక నుంచి తీసెయ్యడమే నిజాయితీ.

పెద్ద నలుసు దీనికి ఎందుకు చిక్కదు? ఒక మైక్రాను వ్యాసమున్న నలుసునూ, పది మైక్రాన్లదాన్నీ తీసుకుందాం. రెండోదాని బరువు వెయ్యి రెట్లు. అది చెదరగొట్టే వెలుగు మాత్రం దాని నీడ వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, అంటే సుమారు వంద రెట్లే. ఒకే బరువు పదార్థానికి లెక్కేస్తే పెద్ద నలుసులు పదో వంతు వెలుగే ఇస్తాయన్నమాట. దానికి తోడు బరువైన నలుసు గాలి తిరిగిన వంపు తిరగలేక గోడకు తగులుకుంటుంది, లేజరు దాకా రానే రాదు. ఊడ్చినప్పుడు లేచే మట్టి, బట్టల పీచు, చర్మపు పొట్టు చాలామటుకు ఈ పెద్ద జాతివే. పోపు పొగ, అగరుబత్తి, దోమల చుట్ట ఇచ్చేవి మైక్రానులో కొంత భాగం ఉండే నలుసులు, లేజరుకు ఇష్టమైన సైజు. మరీ సన్నవి, అంటే 0.3 మైక్రాను కన్నా చిన్నవి, మళ్లీ దీని చూపుకు అందవు. గ్యాసు మంట నుంచే పుట్టే అతిసూక్ష్మ నలుసులు అలా తప్పించుకుపోతాయి. ఇది ఇళ్లకే పరిమితమైన లోపం కాదు. అమెరికాలో మట్టి దుమారాల వేళ పర్పుల్ ఎయిర్ డబ్బాలు చూపిన పీఎం 2.5, ప్రామాణిక యంత్రాల కన్నా అయిదారు రెట్లు తక్కువగా ఉన్నట్టు 2023లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

రెండో ఇబ్బంది తేమ. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కొన్ని నలుసులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, ఎక్కువ వెలుగును చెదరగొడతాయి. ప్రామాణిక యంత్రాలు గాలిని ఆరబెట్టి కొలుస్తాయి, ఈ చిన్నదానికి ఆ సదుపాయం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ శాస్త్రవేత్తలు తమ దేశమంతటా ప్రామాణిక కేంద్రాల పక్కన ఈ డబ్బాలు పెట్టి ఒక సవరణ సూత్రం కట్టారు:

```
PM2.5 = 0.524 × PA − 0.0862 × RH + 5.75
```

ఇందులో `PA` సెన్సారు అంకె, `RH` తేమ శాతం. సెన్సారు 60 అన్నప్పుడు తేమ 70 శాతం ఉంటే 31.4 లోంచి 6.0 తీసి 5.75 కలపాలి. వచ్చేది 31. అంటే తెర మీది అంకెలో దాదాపు సగం. ఈ సూత్రాన్ని అలాగే ఎత్తుకొచ్చి విశాఖలో ఒక వంటింటికి అంటించడం తగదు. అది ఆ దేశపు ఆరుబయటి గాలికి, రోజు సగటులకు కట్టినది. మన నలుసులు వేరు, మన తేమ వేరు. హైదరాబాదు విద్యార్థి అయితే, అనుమతి దొరికితే, సనత్‌నగర్ లాంటి ప్రభుత్వ నిరంతర పరిశీలన కేంద్రం పక్కన తన సెన్సారును కొన్ని వారాలుంచి సొంత సూత్రం కట్టుకోవచ్చు. అది కుదరకపోతే కనీసం మూడు సెన్సార్లను ఒకే బల్ల మీద రెండు రోజులు పక్కపక్కన నడపాలి. రెండు ఒకటే చెబుతూ మూడోది దారి తప్పితే, దాని రంధ్రంలో పీచో పురుగో చేరిందని అనుమానించాలి. మూడూ ఒకటే చెబితే అవి నిజం చెబుతున్నాయని కాదు, ఒకే రకంగా తప్పుతున్నాయని కూడా కావచ్చు.

ఇన్ని లోపాలున్నా ఇది గొప్పగా చేసే పని ఒకటుంది. అంకె ఎంతన్నది అటుంచి, ఎంత త్వరగా తగ్గుతుందో బాగా చెబుతుంది. సెన్సారు ఎప్పుడూ రెట్టింపు చూపుతున్నా సరే, సగానికి పడే సమయం మారదు. ఒక లెక్క చూద్దాం. పోపుకు ముందు గదిలో అంకె 40 ఉందనుకుందాం, పోపుతో 220 అయింది. పెరిగింది 180. తలుపులు మూసి ఉంచితే 20 నిమిషాలకు అంకె 130కి దిగింది, అంటే పెరిగినదానిలో 90 మిగిలింది, సరిగ్గా సగం. 0.693ను గంటలో మూడో వంతుతో భాగిస్తే గంటకు 2.1 వస్తుంది. గాలి మారడం, నలుసులు గోడలకూ నేలకూ అంటుకోవడం రెండూ కలిసిన వేగం అది. మరో పూట అదే వంట, ఎగ్జాస్టు ఫ్యాను వేసి చేస్తే సగానికి 10 నిమిషాల్లోనే పడిందనుకోండి, వేగం 4.2 అవుతుంది. ఇంటి గాలి సంగతి అడిగిన అమ్మమ్మకైనా, పరీక్షకు వచ్చిన ప్రొఫెసరుకైనా ఈ రెండు సమయాలు చెబితే అర్థమవుతుంది. దేశ ప్రమాణమైన 60ని తీసుకొచ్చి పోపు శిఖరం పక్కన ఎర్రగీతగా గీస్తే మాత్రం అర్థం చెడుతుంది. ఆ 60 అన్నది 24 గంటల సగటుకు పెట్టిన హద్దు, ఒక నిమిషానికి కాదు.

గ్రాఫు కింద ఒక డైరీ పట్టీ తప్పనిసరి. 7.10కి దీపం, అగరుబత్తి, 7.40కి పోపు, 8.05కి ఊడ్చడం, 8.20కి దుప్పట్లు దులపడం. గడియారం చూసి రాసిన ఈ నాలుగు మాటలు లేకపోతే గ్రాఫులోని శిఖరాలకు పేర్లుండవు. సాయంత్రం గుర్తుచేసుకుని రాస్తే పావుగంట తేడా వస్తుంది, అంతలో పోపు పాపం చీపురు మీద పడుతుంది.

మరి అసలు దుమ్ము? దానికి పాత తూకమే శరణ్యం. పది సెంటీమీటర్ల చదరపు గాజు పలకను శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, కాలేజీ రసాయన ప్రయోగశాలలో మిల్లీగ్రాములో పదోవంతు చూపే త్రాసు మీద తూచాలి. ఫ్యాను గాలి నేరుగా తగలని అలమర మీద వారం ఉంచి మళ్లీ అదే త్రాసు మీద తూచాలి. 2.1 మిల్లీగ్రాములు పెరిగిందనుకుంటే, వైశాల్యం 0.01 చదరపు మీటరు, రోజులు 7, కాబట్టి రోజుకు చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాములు. పక్కన రెండు పలకలు పెట్టి, ఒకటి మూతేసి ఉంచాలి. మూత వేసినది కూడా బరువు పెరిగితే అది దుమ్ము కాదు, తేమో త్రాసు తప్పో. ఆ పెరుగుదలను మిగతావాటి నుంచి తీసెయ్యాలి. పొడి చీపురుతో ఊడ్చిన వారం ఒక జత, తడిగుడ్డతో తుడిచిన వారం ఇంకో జత పెడితే, లేజరు చెప్పలేని తేడా గాజు పలక చెబుతుంది. నివేదికలో ఈ రెంటినీ ఒకే గ్రాఫులో ఇరికించకూడదు. ఒకటి ఘనపు మీటరుకు మైక్రోగ్రాములు, రెండోది రోజుకు చదరపు మీటరుకు మిల్లీగ్రాములు.