కుర్చీలోంచి కనిపించే అర

జుట్టు కత్తిరించుకోవడానికి సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషిని ఒకసారి గమనించండి. మెడ దగ్గర బిగించిన కేప్ మోకాళ్ల దాకా కప్పేసి ఉంటుంది. చేతులు రెండూ దాని కిందే. కళ్లజోడు తీసి పక్కన పెట్టేసి ఉంటారు. చూపు అద్దంలోకే. ఆ ముప్పావుగంటసేపు ఆమెకు ఏ సీసానూ చేతిలోకి తీసుకునే వీలుండదు, ఏ లేబులూ చదివే వీలుండదు. అయినా చాలా సెలూన్లలో అమ్మకానికి పెట్టిన షాంపూలు, సీరంలు, క్రీములు అన్నీ ఆమె వెనక గోడకే కొలువుదీరి ఉంటాయి.

వెనకున్నా అద్దంలో కనిపిస్తాయి కదా అన్నది యజమానుల ధీమా. లెక్క వేసి చూస్తే ఆ ధీమా నిలబడదు. కుర్చీకీ అద్దానికీ మధ్య 3 అడుగులు, కుర్చీ నుంచి వెనక గోడకు 6 అడుగులు అనుకుందాం. చూపు అద్దం దాకా వెళ్లి, అక్కణ్నుంచి తిరిగి గోడను చేరేసరికి 12 అడుగులవుతుంది. పైగా అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి. అంత దూరం నుంచి, కళ్లజోడు లేకుండా, తిరగేసిన అక్షరాల్లో పేరు చదివేదెవరు? ఆ గోడ మీద కంటికి ఆనేది రంగు ఒక్కటే. అందుకే అక్కడ ఒకే రంగు సీసాలను గుంపుగా, ఒక్కో గుంపుకూ మధ్య జానెడు ఖాళీ వదిలి పెడితే చూపు ఆగుతుంది. పది రంగులు కలగలిసిపోతే అదంతా గోడలాగే కనిపిస్తుంది.

కిరాణా కొట్టు సూత్రాలు సెలూన్‌కు యథాతథంగా ఎందుకు పనికిరావో ఇక్కడే తెలుస్తుంది. దుకాణంలో మనిషి నిలబడి నడుస్తూ కొంటుంది. అయిదడుగుల మహిళ నిలబడితే కళ్లు సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. అదే మనిషి కుర్చీలో కూర్చుంటే నాలుగడుగుల లోపుకి, మెత్తటి సోఫాలో వెనక్కి వాలితే మూడున్నర అడుగులకు దిగుతాయి. ఆరడుగుల ఎత్తున పేర్చిన ఖరీదైన హెయిర్ మాస్క్ డబ్బా ఆమె తల పైనెక్కడో ఉండిపోతుంది.

ఒక చిన్న పట్టణంలోని బ్యూటీ పార్లర్‌నే తీసుకుందాం. గది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. తలుపు పక్కన కౌంటర్, ఎదురుగా సోఫా, లోపల మూడు కుర్చీలు, చివర తల కడిగే బేసిన్. కౌంటర్ వెనక అద్దాల షోకేసు, అయిదు అరలు, అరవై రకాల సరుకు, దానికి తాళం. తాళం చెవి మేడమ్ దగ్గర. చూడాలనిపించిన వాళ్లు అడగాలి. అడిగి తీయించాక కొనకుండా వెళ్లడం మొహమాటం. ఆ మొహమాటానికి జడిసే చాలామంది అసలు అడగరు.

సరుకును కొనేవాళ్ల చేతికే వదిలేయడం ఒకప్పుడు సాహసమే. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ కిరాణా కొట్టుతో ఆ పద్ధతి ఊపందుకుంది. దుకాణాల్లో కొనేవాళ్ల నడతను ఏళ్ల తరబడి గమనించిన పాకో అండర్‌హిల్ కూడా 1999లో వెలువరించిన పుస్తకంలో స్పర్శకే పెద్దపీట వేశారు. ముట్టుకున్న వస్తువు మీద మనసు పడుతుందన్నది చీరల కొట్టులో కూర్చున్న ఎవరికైనా తెలిసిన సంగతే.

కాబట్టి ఆ పార్లర్‌లో మొదట తీసేయాల్సింది తాళం. తర్వాత తగ్గించాల్సింది రకాలు. కాలిఫోర్నియాలోని ఒక సూపర్ మార్కెట్లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ జరిపిన జామ్ ప్రయోగం 2000లో అచ్చయింది. 24 రకాలు పెట్టినప్పుడు ఎక్కువమంది ఆగారు గానీ, రుచి చూసినవాళ్లలో కొన్నవాళ్లు నూటికి ముగ్గురే. 6 రకాలే ఉన్నప్పుడు దాదాపు 30 మంది కొన్నారు. తర్వాతి పరిశోధనల్లో ప్రతిచోటా ఇదే ఫలితం రాలేదు. అయినా వేచి ఉన్న పది నిమిషాల్లో ఎంచుకోవాల్సిన మనిషికి అరవై రకాలు భారమే. ఆ పార్లర్‌లో రోజూ వాడుతున్న పదిహేను రకాలు చాలు. ఎందుకంటే వాటి గురించే అక్కడి అమ్మాయిలు నమ్మకంగా చెప్పగలరు.

ఆ పదిహేనింటికీ సరైన చోటు సోఫా పక్కనే. కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందేలా, రెండున్నర నుంచి నాలుగడుగుల ఎత్తు మధ్య మూడు అరలు. ఒక్కో రకం రెండు మూడు సీసాల చొప్పున, అర అంచు దాకా ముందుకు లాగి పెట్టాలి. లోపలికి జరిగి నీడలో పడ్డ సీసా అమ్ముడుపోదు. వరుసలో ఒక సీసా తీసేసి ఖాళీ వదిలితే ఇంకా మంచిది. పొందికగా పేర్చిన వరుసను చెదరగొట్టడానికి చాలామందికి చెయ్యి రాదు. ప్రతి రకం ముందూ ధర పెద్ద అంకెల్లో ఉండాలి. ధర లేని సీసా ఎంతవుతుందోనన్న భయమే పుట్టిస్తుంది. ఆ ధర ప్యాకెట్ మీద ముద్రించిన ఎమ్మార్పీని మించకూడదు.

వాసన చూడటానికి ఒక సీసా తెరిచి, టెస్టర్ అని రాసి, తెరిచిన తేదీ అంటించాలి. మూత చుట్టూ జిడ్డు పేరుకున్న టెస్టర్ కన్నా అసలు టెస్టర్ లేకపోవడమే నయం.

మరి కుర్చీలో కూర్చున్నప్పుడు? అద్దం కింది అర మీద ఆ రోజు ఆమె జుట్టుకు వాడబోయే రెండు సీసాలు మాత్రమే, పేరు ఆమె వైపు తిరిగి ఉండాలి. కేప్ కప్పకముందే, కళ్లజోడు తీయకముందే, “మీ జుట్టు చివర్లు పొడిబారాయండీ, ఇవాళ ఇది వాడతాను” అంటూ సీసా ఆమె చేతికివ్వాలి. పని ముగిసి కేప్ విప్పాక అదే సీసా కౌంటర్ దగ్గర మళ్లీ కనిపించాలి. అక్కడ ఇంకేమీ గుట్టగా పోయనక్కర్లేదు, క్లిప్పులు, దువ్వెనల లాంటి చిల్లర సామాను తప్ప.

కొన్నిటిని మాత్రం చేతికి అందకుండానే ఉంచాలి. హెయిర్ డై అందులో మొదటిది. చాలా రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. ముందు చర్మం మీద కొద్దిగా రాసి చూసుకోవాలని పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది. ఆ మాట చెప్పి ఇవ్వాల్సిన సరుకు కౌంటర్ వెనకే ఉండటం మేలు. ఎండ పడే కిటికీలో నిండు సీసాలు పెట్టకూడదు. వేడికి క్రీములు పాడవుతాయి, లేబుళ్లు వెలిసిపోతాయి. అక్కడ ఖాళీ డబ్బాలు చాలు. బేసిన్, స్టీమర్ పక్కన అట్టపెట్టెలు తేమకు ఉబ్బిపోతాయి.

మార్పు పనిచేస్తోందో లేదో చెప్పడానికి ఒక నోటుబుక్కు సరిపోతుంది. ఒక గడిలో చేతిలోకి తీసుకున్నవాళ్లు, పక్క గడిలో కొన్నవాళ్లు. వారంలో తొమ్మిదిమంది సీరం తీసి చూసి ఒక్కరే కొన్నారంటే చోటు సరిగానే ఉంది. చిక్కు ధరలోనో, సీసా పరిమాణంలోనో ఉంది. చిన్న సీసా తెప్పించి చూడాలి. అసలెవరూ ముట్టుకోలేదంటే చోటే తప్పు. దాన్ని ఒక అర కిందికి దించి ఇంకో వారం చూడాలి. ఒకేసారి చోటూ, ధరా రెండూ మారిస్తే దేనివల్ల అమ్ముడుపోయిందో తెలియదు.

ఇవన్నీ చేసే ముందు యజమాని తానే ఒక పూట కుర్చీలో, తర్వాత సోఫాలో కూర్చుని, కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని ఫోటోలు తీసుకోవాలి. రోజూ నిలబడి పనిచేసేవాళ్ల కంట పడని దుమ్ము, అర అడుగున అంటుకున్న వెంట్రుకలు, వెనక్కి తిరిగిపోయిన లేబుళ్లు ఆ ఫోటోల్లో స్పష్టంగా కనిపిస్తాయి.