పీఎఫ్‌ను కలిపితేనే అసలు లెక్క

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 42 ఏళ్ల వ్యక్తిని ఊహించుకుందాం. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 6 లక్షలు, ఈక్విటీ ఫండ్లలో 6 లక్షలు ఉన్నాయి కాబట్టి సగం సగం అనుకుంటాడు. కానీ పీఎఫ్ పాస్‌బుక్‌లో మరో 18 లక్షలున్నాయి. ఏటా ప్రకటించే వడ్డీతో పెరిగే ఆ సొమ్ము డిపాజిట్ల కోవలోకే వస్తుంది. అంటే మొత్తం 30 లక్షల్లో ఈక్విటీ వాటా 20 శాతమే.

దాన్ని 40 శాతానికి పెంచాలనుకుంటే పీఎఫ్ తీయనక్కర్లేదు. జీతం నుంచి నెలనెలా పీఎఫ్‌కు ఎలాగూ డబ్బు వెళ్తోంది. కొత్త పొదుపంతా ఈక్విటీ సిప్‌లో వేస్తే వాటా క్రమంగా పెరుగుతుంది. డిపాజిట్లను మాత్రం అత్యవసరాలకు ఉంచుకోవాలి. పీఎఫ్ క్లెయిమ్‌కు రోజులు పట్టవచ్చు, ఆసుపత్రి బిల్లు ఆగదు. పాస్‌బుక్‌లో పింఛను కాలమ్ వేరుగా ఉంటుంది. దాన్ని ఈ నిల్వలో కలపకూడదు.