వడ్డీ వస్తూనే ఉంటుంది, అసలు కరిగిపోతూ ఉంటుంది

బ్యాంకులో ఐదేళ్ల గడువుకు దాచిన పది లక్షల రూపాయలు గడువు తీరాక పది లక్షలుగానే తిరిగి వస్తాయి. రసీదుపై అంకె మారదు, వడ్డీ ఒక్క త్రైమాసికమైనా తప్పదు. అందువల్ల తాను నష్టపోయానన్న అనుమానం డిపాజిట్‌దారుకు కలగదు. అయితే ఐదేళ్ల క్రితం ఆ సొమ్ముతో కొనగలిగిన బియ్యం, పప్పులు, మందులు ఇప్పుడు అంతే సొమ్ముతో రాకపోతే అసలులో కొంత కరిగిపోయినట్లే లెక్క. షేరు ధర పడిపోతే మరునాటి పత్రికలో కనిపిస్తుంది. ద్రవ్యోల్బణం తెచ్చే నష్టం మాత్రం ఏ పాసుపుస్తకంలోనూ నమోదు కాదు.

ఇది ఎలా జరుగుతుందో 2020 తరువాతి ఐదేళ్ల అనుభవం స్పష్టం చేస్తుంది. కోవిడ్ దెబ్బతిన్న ఆర్థిక వ్యవస్థకు ఊతమివ్వడానికి రిజర్వు బ్యాంకు 2020 మే నెలలో రెపో రేటును 4 శాతానికి తగ్గించి, 2022 మే వరకు అక్కడే ఉంచింది. దానితో డిపాజిట్ల రేట్లూ దిగివచ్చాయి. పెద్ద ప్రభుత్వరంగ బ్యాంకులు ఐదేళ్ల డిపాజిట్లపై ఐదున్నర శాతం పరిసరాల్లో మాత్రమే వడ్డీ ఇచ్చాయి. ధరలు మాత్రం ఆగలేదు. వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 2020-21లో 6.2 శాతం, 2022-23లో 6.7 శాతం ఉంది. మిగిలిన మూడేళ్లలో నాలుగున్నర, ఐదున్నర శాతాల మధ్య కదలాడింది. విడివిడిగా చూస్తే ఇవి భయపెట్టే అంకెలు కావు. కానీ ఏటికేడాది పేరుకుపోవడం వల్ల 2019-20 సగటుతో పోల్చినప్పుడు 2024-25లో ధరలు సుమారు 32 శాతం ఎక్కువగా ఉన్నాయి.

ఇద్దరు డిపాజిట్‌దారుల లెక్క

ఉదాహరణకు 2020లో 58 ఏళ్ల వయసులో ఒక ప్రైవేటు సంస్థ నుంచి పదవీ విరమణ చేసిన గుమాస్తాను తీసుకుందాం. చేతికందిన పది లక్షలను ఐదున్నర శాతం వడ్డీకి ఐదేళ్ల డిపాజిట్‌లో ఉంచి, ఏటా వచ్చే 55 వేల రూపాయలను ఇంటి ఖర్చుకు వాడుకున్నారనుకుందాం. 2019-20 ధరల్లో 55 వేలతో సాగే సంసారానికి ఐదో ఏడాది వచ్చేసరికి 72 వేలకు పైగా అవసరమైంది. వడ్డీ మాత్రం 55 వేలే. గడువు తీరాక చేతికొచ్చిన పది లక్షలకు 2019-20 ధరల్లో ఉన్న విలువ ఏడు లక్షల 60 వేల లోపే.

ఇందులోని కిటుకు ఒక్కటే. ఆయన వడ్డీగా భావించి ఖర్చు చేసినది నిజానికి ఆదాయం కాదు. అది అసలు విలువను నిలబెట్టడానికి తిరిగి జమ కావలసిన సొమ్ము. ధరల పెరుగుదల వడ్డీరేటుతో సమానంగా ఉన్నప్పుడు వడ్డీ మొత్తాన్ని వాడుకోవడమంటే అసలును తినివేయడమే.

మరి వడ్డీని ముట్టకుండా వదిలిన వారి మాటేమిటి? అదే పది లక్షలను చక్రవడ్డీకి వదిలిన మరొక ఉద్యోగి 20 శాతం ఆదాయపు పన్ను శ్లాబులో ఉన్నారనుకుందాం. పన్నే లేకపోతే ఐదేళ్లకు 13 లక్షల 14 వేలు చేతికొచ్చేది. అంటే పెరిగిన ధరలకు దాదాపు సరిపోయేది. కానీ పన్ను వడ్డీ మొత్తంపై పడుతుంది. అందులో ధరల పెరుగుదలను పూడ్చే భాగం ఎంతన్నది ఆదాయపు పన్ను శాఖ లెక్కలోకి తీసుకోదు. సెస్సుతో సహా పన్ను పోగా మిగిలేది సుమారు 12 లక్షల 42 వేలు. పాత ధరల్లో దీని విలువ తొమ్మిది లక్షల 42 వేలు. ఐదేళ్లు కడుపు కట్టుకొని ఒక్క రూపాయి వాడుకోకపోయినా ఆరు శాతం నష్టమే మిగిలింది.

ఈ నష్టం అన్ని కాలాల్లోనూ తప్పనిది కాదన్నది కూడా గమనార్హం. 2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయినప్పుడు డిపాజిట్లపై నిజమైన రాబడి మిగిలింది. వడ్డీరేటులో పన్ను పోగా మిగిలిన దాని నుంచి ద్రవ్యోల్బణాన్ని తీసివేసి చూసుకుంటే ఏ ఏడాదికి ఆ ఏడాది స్థితి తెలిసిపోతుంది.

మార్గాంతరం ఏమిటి?

పైన చెప్పిన గుమాస్తాకు 2020లోనే మెరుగైన మార్గం ఒకటుంది. వయోవృద్ధుల పొదుపు పథకంలో అప్పటి వడ్డీ 7.4 శాతం. సాధారణంగా 60 ఏళ్లు నిండినవారికే ఇది వర్తించినా, 55 ఏళ్లు దాటి పదవీ విరమణ చేసినవారు ఆ ప్రయోజనాలు అందిన నెలలోపు చేరవచ్చు. 2023 నవంబరులో ఈ గడువును మూడు నెలలకు పెంచారు. చాలామంది ఈ గడువును జారవిడుచుకుని 60 ఏళ్లు నిండేదాకా వేచి ఉండవలసి వస్తోంది.

ఆయన తన సొమ్ములో అయిదు లక్షలు ఈ పథకంలోనూ, రెండున్నర లక్షలు ఒకటి, రెండు, మూడేళ్ల గడువులుగా విడగొట్టి బ్యాంకులోనూ ఉంచారనుకుందాం. గడువులు వేరువేరుగా ఉండడం వల్ల ఏటా కొంత సొమ్ము చేతికందుతుంది, రేట్లు పెరిగితే ఆ మేరకు కొత్త రేటూ దక్కుతుంది. ఈ రెండింటిపై కలిపి ఏడాదికి దాదాపు 50 వేల వడ్డీ వస్తుంది. అంటే మొత్తం బ్యాంకులో ఉంచినప్పటికంటే ఐదు వేలే తక్కువ. దానికి ప్రతిగా రెండున్నర లక్షలు దీర్ఘకాలిక వృద్ధికి మిగులుతాయి.

ఆ మిగిలిన సొమ్ములో లక్షన్నర సెన్సెక్స్ లేదా నిఫ్టీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లోనూ, లక్ష బంగారంలోనూ పెట్టవచ్చు. కంపెనీలు తమ సరకుల ధరలను పెంచుకోగలవు గనుక షేర్లు దీర్ఘకాలంలో ద్రవ్యోల్బణాన్ని తట్టుకునే అవకాశం ఎక్కువ. అయితే 2020 జనవరిలో 42 వేల దాకా వెళ్లిన సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువకు కూలింది. 2008 జనవరి నాటి శిఖరాన్ని నిలకడగా దాటడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. కనుక ఏడేళ్ల లోపు అవసరపడే సొమ్మును అక్కడ పెట్టడం తగదు.

బంగారం సంగతీ అంతే. 2012లో పది గ్రాముల సగటు ధర సుమారు 31 వేలు. 2018లోనూ దాదాపు అంతే. ఆ ఆరేళ్లలో ధరల సూచీ మాత్రం మూడింట ఒక వంతుకు పైగా పెరిగింది. తరువాతి ఏళ్లలో బంగారం వేగంగా పుంజుకున్నా ఎప్పుడు పుంజుకుంటుందో ముందుగా చెప్పగలవారు లేరు. పైగా నగల రూపంలో కొంటే తరుగు, మజూరీ ఖర్చు మొదటి రోజే పోతుంది. అందువల్ల పదో వంతుకు మించకుండా, నగలుగా కాక గోల్డ్ ఫండ్ రూపంలో ఉంచడం మేలు.

ఈ మిశ్రమం నష్టాన్ని పూర్తిగా రద్దు చేస్తుందనుకోవడం పొరపాటు. పది లక్షల కొనుగోలు శక్తి ఐదేళ్లూ చెక్కుచెదరకూడదంటే ఆ రెండున్నర లక్షలే దాదాపు ఐదు లక్షల 70 వేలు కావాలి. 2020 పతనం తరువాత మార్కెట్లు ఎంత ఎగసినా అటువంటి వృద్ధిని ప్రతి ఐదేళ్లకూ ఆశించలేం. మిశ్రమం చేసేది కోతను తగ్గించడమే. మిగిలిన లోటును పూడ్చేది వడ్డీలో కొంత భాగాన్ని మళ్లీ మదుపు చేయడమే. నెలకు వెయ్యి రూపాయలు తీసి పక్కన పెట్టగలిగినా ఐదేళ్లలో 60 వేలు అసలుకు తిరిగి చేరతాయి. వచ్చే రెండు మూడేళ్ల ఖర్చులకు, ఆస్పత్రి అవసరానికి బ్యాంకు డిపాజిట్‌కు సాటి వచ్చేది లేదు. పదిహేనేళ్ల తరువాతి బతుకును కూడా దానికే అప్పగించినప్పుడే చిక్కు వస్తుంది.