గోడ మందం పెంచితే సరిపోతుందా?

హైడ్రాలిక్ ప్రెస్ సిలిండర్ ఒకటి తీసుకుందాం. లోపలి వ్యాసార్థం 50 మిల్లీమీటర్లు, బయటిది 100. లోపల నూనె పీడనం 60 మెగాపాస్కళ్లు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 600 రెట్లు.

నూనె గోడను బయటికి నొక్కుతుంది. ఈ నొక్కుడు లోపలి అంచున 60 ఉండి, బయటి అంచుకొచ్చేసరికి సున్నా అవుతుంది. అదే సమయంలో గోడ చుట్టూ సాగుతుంది. పగుళ్లు తెచ్చేది ఈ చుట్టు లాగుడే. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త గాబ్రియెల్ లామే సూత్రాల ప్రకారం అది లోపలి అంచున 100, గోడ మధ్యలో సుమారు 56, బయట 40 మాత్రమే. లోపలి పొర నలిగిపోతుంటే బయటి ఉక్కు సగం పనికూడా చేయదన్నమాట.

మరి గోడను మందం చేస్తే? బయటి వ్యాసార్థం 200కు పెంచి చూడండి. గోడ మందం మూడింతలైంది, ఉక్కు బరువు ఐదింతలైంది. లోపలి లాగుడు మాత్రం 100 నుంచి 68కే తగ్గింది. ఎంత ఉక్కు పోసినా అది 60 కిందికి దిగదు. డబ్బు దండగ!

అందుకే ఫిరంగి గొట్టాలు చేసేవాళ్లు వేరే దారి పట్టారు. వేడిచేసి వ్యాకోచింపజేసిన బయటి గొట్టాన్ని లోపలిదానిపై తొడుగుతారు. చల్లారాక అది బిగుసుకుని లోపలి పొరను ముందే నొక్కి ఉంచుతుంది. పేలుడు పీడనం మొదట ఆ నొక్కుడును తీర్చాలి, ఆ తర్వాతే లోపలి పొర సాగడం మొదలవుతుంది.

పాత సిలిండర్‌ను తనిఖీ చేసేటప్పుడు బయట రంగు నిగనిగలాడుతోందని వదిలేయకూడదు. పగులు సాధారణంగా లోపలి అంచునే పుడుతుంది కాబట్టి, అల్ట్రాసోనిక్ పరీక్షతో అక్కడే వెతకాలి.