ఇరవై నాలుగు గంటలు ఎక్కడినుంచి?

“టికెట్ రద్దు చేసుకున్న ప్రయాణికుడికి డబ్బు తిరిగి రావాలి.”

బస్సు టికెట్లు అమ్మే యాప్‌ను తయారు చేస్తున్న ఒక బృందం ఉందనుకుందాం. వాళ్ల పనుల జాబితాలో ఒక పనికి ఉన్న వివరణ ఈ ఒక్క వాక్యమే. చదివితే ఇందులో అర్థం కానిదేముంది అనిపిస్తుంది. కానీ దీన్ని ఇలాగే చేతికిచ్చి కోడ్ రాయమంటే రెండు వారాల తర్వాత కూడా ఆ పని సగంలోనే ఉండొచ్చు. మొదలుపెట్టే ముందు అందరూ ఒక గంట కూర్చుంటే ఇందులోంచి నాలుగైదు వేరువేరు పనులు బయటికొస్తాయి. వాటిలో రెండింటిని వెంటనే మొదలుపెట్టి పూర్తిచేయొచ్చు. ఆ గంటలో ఏం జరుగుతుందన్నదే ఇక్కడి విషయం.

సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఎక్కువగా కనిపించే స్క్రమ్ పద్ధతిలో పని స్ప్రింట్లుగా సాగుతుంది. స్ప్రింట్ అంటే నెలకు మించని గడువు. చాలాచోట్ల అది రెండు వారాలు, అంటే పది పనిదినాలు. చేయాల్సినవన్నీ వరుసగా పేర్చిన జాబితాను బ్యాక్‌లాగ్ అంటారు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చే బాధ్యత ప్రొడక్ట్ ఓనర్‌ది. వాడేవాళ్ల వైపునుంచి చూసి రాసిన ఒక్కో పనిని స్టోరీ అని పిలుస్తారు. స్టోరీలో ఉండాల్సినవి మూడని రాన్ జెఫ్రీస్ 2001లో చెప్పాడు: ఒక కార్డు, దాని చుట్టూ మాటామంతీ, పని సరిగ్గా అయిందని తేల్చే పరీక్ష. కార్డు మీద ఉండేది ఆ మాటామంతీ జరగాలని గుర్తుచేసే చీటీ మాత్రమే. చిక్కంతా ఆ చీటీనే పూర్తి వివరణ అనుకోవడంలో ఉంది.

ఆ మాటామంతీ జరిగే చోటునే బ్యాక్‌లాగ్ రిఫైన్‌మెంట్ అంటారు. ఒకప్పుడు దీన్ని గ్రూమింగ్ అనేవారు. 2013లో వచ్చిన స్క్రమ్ గైడ్ ఆ పేరు మార్చింది. పెద్ద పనులను చిన్నవిగా విడగొట్టడం, వివరాలు చేర్చడం, ఎంత పెద్దవో అంచనా వేయడం అన్నీ ఇందులోకే వస్తాయి.

ఇక మన బస్సు యాప్ బృందం దగ్గరికి వద్దాం. వచ్చే సోమవారం కొత్త స్ప్రింట్ మొదలవుతుంది. అంతకుముందు బుధవారం మధ్యాహ్నం ప్రొడక్ట్ ఓనర్, నలుగురు డెవలపర్లు, ఒక టెస్టర్ కూర్చున్నారు. ప్రొడక్ట్ ఓనర్ స్టోరీ చదివి వినిపించింది. బయలుదేరడానికి ఇరవై నాలుగు గంటలు, అంతకంటే ముందు రద్దు చేస్తే పది శాతం కోత, ఆ తర్వాతైతే సగం కోత అని వివరించింది. తర్వాత అంచనా వేశారు. ఇందుకు వాళ్లు వాడేది ప్లానింగ్ పోకర్. 2002లో జేమ్స్ గ్రెనింగ్ రూపొందించిన పద్ధతి ఇది. ఒక్కొక్కరి చేతిలో 1, 2, 3, 5, 8, 13 అంకెల కార్డులుంటాయి. తమకు తోచిన అంకెను ఎవరికీ చూపకుండా ఎంచుకుని అందరూ ఒకేసారి తిప్పుతారు. సీనియర్ చెప్పిన అంకెకే మిగతావాళ్లు తల ఊపకుండా ఇది ఆపుతుంది.

కార్డులు తిప్పితే ఒకరిది 3, ఇంకొకరిది 13. సగటు తీసి 8 రాసుకుని ముందుకెళ్లే బృందాలు చాలా ఉన్నాయి. అది పెద్ద పొరపాటు. ఆ తేడాలోనే అసలు సమాచారం ఉంది. 3 చూపించిన డెవలపర్ టికెట్ మొత్తం రద్దవుతుందనుకున్నాడు. 13 చూపించిన ఆమె, నలుగురి పేర్లున్న టికెట్‌లో ఒక్కరే ఆగిపోతే ఏంటని ఆలోచించింది. ఒకే వాక్యం చదివి ఇద్దరూ రెండు వేరువేరు పనులను ఊహించుకున్నారన్నమాట.

అప్పుడు టెస్టర్ అడిగాడు: “ఇరవై నాలుగు గంటలన్నారు కదా, ఎక్కడినుంచి లెక్కండీ?”

హైదరాబాద్‌లో బస్సెక్కేవాళ్లకు ఈ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. విజయవాడ బస్సు శనివారం రాత్రి 8 గంటలకు మియాపూర్‌లో బయలుదేరి, ఊరంతా తిరిగి, 9:15కి ఎల్బీ నగర్ చేరుతుంది. ఎల్బీ నగర్‌లో ఎక్కాల్సిన ప్రయాణికుడు 900 రూపాయల టికెట్‌ను శుక్రవారం రాత్రి 8:30కి రద్దు చేశాడు. మియాపూర్ సమయంతో లెక్కిస్తే మిగిలింది ఇరవై మూడున్నర గంటలే. సగం కోత పోగా చేతికొచ్చేది 450. ఎల్బీ నగర్ సమయంతో లెక్కిస్తే ఇంకా ఇరవై నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలుంది. పది శాతమే కోత, 810 రూపాయలు వెనక్కి వస్తాయి. టికెట్ అదే, రద్దు చేసిన నిమిషం అదే, తేడా మాత్రం 360 రూపాయలు.

ప్రొడక్ట్ ఓనర్ దగ్గర సమాధానం లేదు. బస్సుల యాజమాన్యాలను అడగాలి. రెండు రోజులు పడుతుంది. అడిగింది బుధవారం కాబట్టి శుక్రవారానికి జవాబు వచ్చేసింది: టికెట్ మీద అచ్చయ్యే ఎక్కే సమయమే లెక్క, సరిగ్గా ఇరవై నాలుగు గంటలుంటే పది శాతమే కోత. ఎవరి పనీ ఆగలేదు.

ఈ ప్రశ్న బుధవారం రాకపోతే ఏమయ్యేదో చూడండి. డేటాబేస్‌లో కళ్లెదురుగా కనిపించేది బస్సు బయలుదేరే సమయం. డెవలపర్ దాన్నే తీసుకుని ఐదారు రోజుల్లో కోడ్ పూర్తిచేస్తాడు. ఎనిమిదో రోజున టెస్టర్‌కు అనుమానం వస్తుంది. జవాబు కోసం రెండు రోజులు ఆగేసరికి స్ప్రింట్ అయిపోతుంది. రాసింది మార్చాలి, మళ్లీ పరీక్షించాలి. స్టోరీ తర్వాతి స్ప్రింట్‌కు జారిపోతుంది. ప్రశ్న అదే, జవాబు దొరకడానికి పట్టే సమయమూ అదే. చేతులు కాలాక అడిగారంతే.

అమెరికా కంపెనీలకు పనిచేసే హైదరాబాద్ బృందాలకు ఈ నష్టం ఇంకా ఎక్కువ. ఇక్కడ ఉదయం పది గంటలంటే న్యూయార్క్‌లో అర్ధరాత్రి. ప్రొడక్ట్ ఓనర్ అక్కడుంటే పొద్దున తట్టిన అనుమానం సాయంత్రం కాల్ దాకా ఆగాలి. ఒక్క మాటకు ఒక రోజు పోతుంది. జవాబులోంచి ఇంకో ప్రశ్న పుడితే ఇంకో రోజు.

స్పష్టత వచ్చాక విడగొట్టాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. స్క్రీన్‌కు ఒక స్టోరీ, సర్వర్‌కు ఒకటి, డేటాబేస్‌కు ఒకటి అని కోస్తారు. ముక్కలు చిన్నవే, కానీ మూడూ అయ్యేదాకా ఏ ప్రయాణికుడికీ రూపాయి రాదు. ఏదైనా ఒకటి ఆగితే మిగతా రెండూ వృథాగా పడుంటాయి. మన బృందం ఇంకోలా కోసింది. మొదటి స్టోరీ: ఒకే సీటున్న టికెట్, కూపన్ లేదు, యూపీఐతో కట్టింది, ఇరవై నాలుగు గంటలు లేదా అంతకుముందే రద్దు. చాలా చిన్నది, కానీ ఇందులో స్క్రీన్ నుంచి బ్యాంకు దాకా అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. ఇది పూర్తయితే నిజంగా ఒక మనిషి ఖాతాలో 810 రూపాయలు పడతాయి. రెండోది సగం కోత పడే సందర్భం. మూడోది నలుగురిలో ఒక్కరే ఆగిపోవడం. నాలుగోది కూపన్ వాడిన టికెట్.

స్టోరీ స్ప్రింట్‌లోకి రావడానికి సిద్ధమైందని ఎలా తెలుస్తుంది? ఇందుకోసం చాలా బృందాలు ముందే ఒక ఒప్పందం రాసుకుంటాయి. దాని పేరు డెఫినిషన్ ఆఫ్ రెడీ. స్క్రమ్ గైడ్‌లో ఈ పేరు లేదు. ఒక స్ప్రింట్‌లో పూర్తిచేయగలిగిన పని ఎంపికకు సిద్ధమైనట్టే అని మాత్రం 2020 గైడ్ అంటుంది. మిగతాది బృందాలే తేల్చుకోవాలి. మన బృందం ఇలా రాసుకుంది: ఎవరి కోసం, ఎందుకు అన్నది తెలియాలి. అంకెలతో కనీసం రెండు ఉదాహరణలుండాలి. బయటివాళ్లనుంచి రావాల్సింది వచ్చి ఉండాలి, ఇక్కడైతే చెల్లింపుల కంపెనీ ఇచ్చే పరీక్ష ఖాతా. అంచనా వేసింది పనిచేసేవాళ్లే అయుండాలి. ఒక్కరు చేసినా మూడు నాలుగు రోజుల్లో తేలాలి.

వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది అంకెల ఉదాహరణ. “కోత సరిగ్గా లెక్కించాలి” అని రాస్తే అందరూ ఒప్పుకుంటారు, ఎవరి లెక్క వాళ్లకుంటుంది. “ఎల్బీ నగర్, శనివారం 9:15, శుక్రవారం 8:30కి రద్దు, 810” అని రాస్తే అభిప్రాయభేదం ఉంటే అప్పుడే బయటపడుతుంది. టెస్టర్‌కు అదే మొదటి పరీక్ష అవుతుంది.

అయితే ఈ ఒప్పందం గేటుకు కాపలాగా మారే ప్రమాదం ఉంది. మైక్ కోన్ వంటి అనుభవజ్ఞులు దీని గురించే హెచ్చరించారు. “డిజైన్ నూటికి నూరుపాళ్లు పూర్తికానిదే స్టోరీ ముట్టుకోం” అని రాసుకున్నారనుకోండి. బటన్ రంగు తేలలేదని, దానితో సంబంధం లేని కోత లెక్కలు రాయగలిగిన డెవలపర్ కూడా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకరి పని పూర్తిగా ముగిశాకే ఇంకొకరిది మొదలయ్యే పాత పద్ధతికే తిరిగి వెళ్లినట్టు. కాబట్టి ప్రతి చిన్న అనుమానం తీరనక్కర్లేదు. స్టోరీ పరిమాణాన్నే మార్చేయగల ప్రశ్న మిగిలిందా అన్నదే చూడాలి. బటన్ రంగు అలాంటిది కాదు, ఎక్కే సమయం అలాంటిది.

మరీ ముందుకెళ్లి ఆరు నెలల పనులను ఇప్పుడే చెక్కుతూ కూర్చోవడమూ నష్టమే. అప్పటికి కోత నియమాలే మారిపోవచ్చు. వచ్చే ఒకటి రెండు స్ప్రింట్లకు సరిపడా సిద్ధంగా ఉంటే చాలు. దీనికి బృందం సమయంలో పది శాతానికి మించి మామూలుగా పట్టదని 2017 దాకా స్క్రమ్ గైడ్ చెప్పేది, 2020లో ఆ అంకె తీసేసింది. రెండు వారాల స్ప్రింట్‌లో పది శాతమంటే మనిషికి ఒక్క రోజు. కొలతగా ఇప్పటికీ అది బాగానే ఉంది.

రిఫైన్‌మెంట్ సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే స్ప్రింట్ మధ్యలో ప్రొడక్ట్ ఓనర్‌కు వెళ్లిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాస్తూ పోండి. ఆఖరి రోజున ఒక్కో ప్రశ్న చూసి, పోయిన బుధవారమే అడగగలిగేవాళ్లమా అని గుర్తు పెట్టండి. సగానికి పైగా అలాంటివే ఉంటే ఆ సమావేశంలో లీడ్ ఒక్కడే మాట్లాడుతున్నాడేమో, టెస్టర్‌ను అసలు పిలుస్తున్నారో లేదో చూడండి.

సోమవారం ప్లానింగ్‌లో మన బృందం మొదటి మూడు స్టోరీలను స్ప్రింట్‌లోకి తీసుకుంది. కూపన్ స్టోరీ ఇంకా బ్యాక్‌లాగ్‌లోనే ఉంది. 900 రూపాయల టికెట్‌కు వంద కూపన్ పోగా ప్రయాణికుడు కట్టింది 800. కోత 900 మీదా, 800 మీదా? ఆ ప్రశ్న రాసిన ఎర్ర చీటీ కార్డుకు అంటించి ఉంది. జవాబు అకౌంట్స్ విభాగం నుంచి రావాలి.